మీటరు మార్చగానే వోల్టేజీ -0.00: అదే కోడ్, అదే వైరు

గిడ్డంగి_కరెంట్:
గుంటూరు దగ్గర ఒక మిర్చి శీతల గిడ్డంగిలో విద్యుత్ పనులు చూస్తాను. మూడు ఫేజుల ఎనర్జీ మీటరును ఆర్‌ఎస్‌-485 వైరు మీద మోడ్‌బస్‌తో ఈఎస్‌పీ32 బోర్డుకు కలిపి, వోల్టేజీ, కరెంటు, ఫ్రీక్వెన్సీ నమోదు చేస్తున్నాను. ఏడాదిపాటు ఒక్క తప్పు రాలేదు. పోయిన వారం పాత మీటరు కాలిపోతే వేరే కంపెనీ మీటరు పెట్టాము. రిజిస్టర్ చిరునామాలు మార్చాను, అంతే. అప్పటి నుంచి వోల్టేజీ ఒకసారి 0.00, ఒకసారి -0.00, మరొకసారి ఇరవై నాలుగు అంకెల సంఖ్య, అప్పుడప్పుడు `nan`. మీటరు తెరమీద మాత్రం చక్కగా 230 చుట్టూ ఉంటోంది.

మీటరు సంగతి తేల్చుకోవడానికి లాప్‌టాప్‌లో మోడ్‌బస్ సిమ్యులేటర్ పెట్టి, కొత్త మీటరు పద్ధతిలోనే సరిగ్గా 230.5 పంపించాను. బోర్డు -0.00 చూపించింది. చదివే భాగం ఇది:

```
uint16_t r[2];        // లైబ్రరీ నింపి ఇస్తుంది
float v;
memcpy(&v, r, 4);
```

ఏడాది పనిచేసిన కోడ్ ఇది. కాబట్టి తప్పు కోడ్‌లో ఉందని నాకు అనిపించడం లేదు. సిమ్యులేటర్, కొత్త మీటరు రెండూ ఒకే తప్పు ఎలా చేస్తాయో అర్థం కావడం లేదు.

నెట్‌వర్క్_నాని:
ఇది ఎండియన్ సమస్యే అండి, సందేహం లేదు. మోడ్‌బస్ బిగ్ ఎండియన్, అంటే పెద్ద స్థానంలో ఉన్న బైట్ ముందు వస్తుంది. ఈఎస్‌పీ32 లిటిల్ ఎండియన్, చిన్న స్థానంలో ఉన్న బైట్‌ను ముందు పెట్టుకుంటుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చిన ఏ 32 బిట్ల విలువకైనా `ntohl` వేస్తే తిరగబడి సరిపోతుంది. నేను సాకెట్ ప్రోగ్రాములలో పదేళ్లుగా చేస్తున్నది అదే.

గిడ్డంగి_కరెంట్:
వేసి చూశాను నాని గారూ. సిమ్యులేటర్‌లో 230.5 పెడితే ఇప్పుడు 2302 అని మొదలయ్యే ఇరవై నాలుగు అంకెల సంఖ్య వచ్చింది. మొదట్లో 230 కనిపిస్తోంది కనుక దగ్గరికి వచ్చినట్టేనా? పదిని ఇరవై ఒక్కసార్లు వేసి హెచ్చించిన సంఖ్యతో భాగిస్తే 230.2 వస్తోంది. ఏదైనా స్కేలు లెక్క ఉందేమో.

పాత_ఫర్మ్‌వేర్:
భాగించవద్దు. ఆ 230 యాదృచ్ఛికం. సిమ్యులేటర్‌లో 231.0 పెట్టి చూడండి, ఆ స్కేలు లెక్క అక్కడే పడిపోతుంది: 9.2 తో మొదలయ్యే సంఖ్య వస్తుంది.

మీ ప్రశ్నలో అసలైన ముక్క ఏడాది ఎందుకు పనిచేసిందన్నది. ఈ వారం ఎందుకు చెడిందన్నదానికి జవాబు అందులోనే ఉంది. 230.5 నే తీసుకుని కాగితం మీద నడిపిద్దాం.

230.5 ను ఫ్లోటుగా రాస్తే 32 బిట్ల విలువ 0x43668000. బైట్లుగా విడదీస్తే 43, 66, 80, 00. ఇందులో అన్నిటికంటే పెద్ద స్థానంలో ఉన్నది 43, పెద్ద బైట్ అంటే అదే: సంఖ్య గుర్తు, ఘాతం అక్కడ మొదలవుతాయి.

మోడ్‌బస్‌కు తెలిసింది 16 బిట్ల రిజిస్టర్ మాత్రమే. ఒక రిజిస్టర్‌లోని రెండు బైట్లలో పెద్దది ముందు వెళ్లాలని అది కచ్చితంగా చెబుతుంది. 32 బిట్ల విలువను రెండు రిజిస్టర్లలో పెడితే ఏ సగం ముందు రావాలో మాత్రం చెప్పదు. అది మీటరు తయారుచేసినవాళ్ల ఇష్టం.

మీ కొత్త మీటరు పై సగం ముందు పంపుతుంది. వైరు మీద 43 66 80 00. లైబ్రరీ ఒక్కొక్క రిజిస్టర్‌ను సరిగా కలిపి `r[0]` లో 0x4366, `r[1]` లో 0x8000 పెడుతుంది. ఇంతవరకు అంతా సవ్యమే. అయితే ఈఎస్‌పీ32 ప్రతి 16 బిట్ల విలువలోనూ చిన్న బైట్‌ను ముందు పెట్టుకుంటుంది కనుక జ్ఞాపకంలో ఆ రెండు రిజిస్టర్లు ఇలా కూర్చుంటాయి: 66 43 00 80. మీ `memcpy` ఈ నాలుగింటిని ఉన్నవి ఉన్నట్టు ఫ్లోటులోకి తీసుకుంటుంది. ఫ్లోటు కూడా చిన్న బైట్ ముందు అనే లెక్కన చదువుతుంది కాబట్టి విలువ 0x80004366 అవుతుంది. దాని మొదటి బిట్ 1, అంటే రుణ సంఖ్య. ఘాతం సున్నా. దశాంశ బిందువు తర్వాత నలభై సున్నాలు దాటితే గాని మొదటి అంకె కనిపించనంత చిన్నది. రెండు దశాంశ స్థానాలకు ముద్రిస్తే -0.00.

ఇప్పుడు పాత మీటరు. దానిది కింది సగం ముందు అయి ఉండాలి. వైరు మీద 80 00 43 66. `r[0]` 0x8000, `r[1]` 0x4366. జ్ఞాపకంలో 00 80 66 43. చిన్న బైట్ ముందు అనుకుని చదివితే 0x43668000. సరిగ్గా 230.5!

అంటే మీ కోడ్ ఆ రోజు కూడా సరైనది కాదు. కింది సగాన్ని ముందు పంపే మీటరు, చిన్న బైట్‌ను ముందు పెట్టే బోర్డు ఒకదానికొకటి సరిపోయాయి, అందుకే తప్పు బయటపడలేదు. పాత మీటరునే ఉంచి, బిగ్ ఎండియన్ పద్ధతిలో నడిచే బోర్డుకు మారినా ఇదే గొడవ వచ్చేది.

నెట్‌వర్క్_నాని:
మరి `ntohl` ఎందుకు పనిచేయలేదు? బిగ్, లిటిల్ తేడా ఉన్నప్పుడు తిప్పాల్సిందే కదా.

పాత_ఫర్మ్‌వేర్:
తిప్పాల్సిన పనిలో సగం లైబ్రరీ అప్పటికే చేసింది నాని గారూ. రిజిస్టర్ లోపలి బైట్లను అది సరిచేసి ఇచ్చింది. మీరు మళ్లీ నాలుగు బైట్లనూ తిప్పితే సగాల వరుస సరిపోతుంది గాని, సరిగా ఉన్న లోపలి వరుస చెడుతుంది. 0x80004366 తిరగబడి 0x66430080 అయింది. ఆ ఇరవై నాలుగు అంకెల సంఖ్య అదే. మీ సాకెట్ అనుభవం తప్పు కాదు. వైరు మీది బైట్లు ముట్టుకోకుండా మీ చేతికి వస్తే మీరు చెప్పిందే సరైన మందు. ఇక్కడ అవి మధ్యలో ఒకరి చేతులు మారి వచ్చాయి. తిప్పే ముందు ఎవరు ఎంత తిప్పారో చూసుకోవాలి.

నేను రాసే పద్ధతి ఇది:

```
uint32_t u = ((uint32_t)r[0] << 16) | r[1];
float v;
memcpy(&v, &u, 4);
```

ఇక్కడ `<< 16` పని విలువ మీద జరుగుతుంది, జ్ఞాపకంలోని స్థానాల మీద కాదు. 0x4366 ను పదహారు బిట్లు పైకి జరిపితే ఏ యంత్రంలోనైనా 0x43660000 వస్తుంది. బోర్డు బిగ్గా లిటిలా అన్న ప్రశ్న ఈ కోడ్‌లో ఎక్కడా తలెత్తదు. చివరి `memcpy` లో `u`, `v` రెండూ ఒకే యంత్రంలో ఒకే వరుసలో ఉంటాయి కనుక అదీ నిరపాయమే. పాత మీటరు లాంటిది వస్తే `r[0]`, `r[1]` స్థానాలు మార్చండి, చాలు.

అక్షరజల్లు:
నాకు మీటర్ల సంగతి తెలియదు గాని, ఇది చదువుతుంటే నా ఫైలు గుర్తొచ్చింది. అడగవచ్చనుకుంటాను. పాత శాసనాల పాఠాలను టైపు చేసి దాచుకుంటాను. పాత కంప్యూటర్‌లోని ఒక ఫైలును కొత్తదానిలో తెరిస్తే తెలుగు పోయి రకరకాల లిపులు కనిపించాయి. చైనా అక్షరాలు, ఇంకేవో గుర్తులు, మధ్యమధ్యలో ఖాళీ గడులు. ఫాంటు లేదేమోనని నాలుగు ఫాంట్లు ఎక్కించాను, మార్పు లేదు. ఇది కూడా ఈ జబ్బేనా, లేక ఫైలు పాడైందా?

పాత_ఫర్మ్‌వేర్:
ఫైలు యూటీఎఫ్‌-16 అయితే ఇదే జబ్బు అండి, ఫైలు పాడవలేదు. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన గడులు U+0C00 నుంచి U+0C7F వరకు. ప్రతి అక్షరానికీ పై బైట్ 0C. త అంటే U+0C24. బైట్లు తారుమారైతే అది U+240C అవుతుంది. అది తెలుగు కాదు, కంట్రోలు గుర్తుల బొమ్మల గడి. ఎత్వం U+0C46 తిరగబడి U+460C, చైనా అక్షరాల్లోకి పోతుంది. గ U+0C17 తిరగబడి U+170C, ఫిలిప్పీన్స్‌లోని తగాలోగ్ లిపి. ఒకే తెలుగు మాట ఇన్ని దేశాలు తిరగడానికి కారణం అదే. ఫైలును హెక్స్‌లో చూడండి. 0C రెండు బైట్లకొకసారి కనిపిస్తుంటే అక్షరాలు భద్రంగా ఉన్నట్టే. 0C ముందు వస్తే:

```
iconv -f UTF-16BE -t UTF-8 in.txt > out.txt
```

0C రెండోదిగా వస్తుంటే BE బదులు LE. ఫైలు మొదట్లో FE FF గాని FF FE గాని ఉంటే అది వరుస తెలిపే గుర్తు. తెరిచే ప్రోగ్రాము దాన్ని చూసి సర్దుకుంటుంది. మీ ఫైలులో ఆ గుర్తు లేకపోయి ఉండాలి.

అక్షరజల్లు:
ఉంది 0C! ప్రతి జంటలో ముందు అదే. పదకొండు శాసనాల పాఠాలు తిరిగి వచ్చాయి. పోయాయనే అనుకున్నాను, చాలా సంతోషంగా ఉంది.

ఒక మాట చెప్పాలనిపిస్తోంది. శాసనాల్లో శక సంవత్సరాన్ని చాలాచోట్ల అంకెలకు బదులు మాటల్లో చెబుతారు. చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, రాములంటే మూడు, వేదాలంటే నాలుగు. వేద, రామ, నేత్ర, చంద్ర అని ఉంటే కొత్తగా చదివేవారు 4321 అనుకుంటారు. అది 1234. అంకానాం వామతో గతిః అన్నారు కదా, అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి, ఒకట్ల స్థానం ముందు చెబుతారు. మీరు చిన్న బైట్ ముందు అంటున్నది అచ్చంగా ఇలాగే ఉంది. నియమం తెలియకుండా మాటలు మాత్రమే చూస్తే రెండు సంఖ్యల్లో ఏదో చెప్పలేము.

పాత_ఫర్మ్‌వేర్:
ఇంతకంటే మంచి పోలిక నాకు ఇన్నేళ్లలో దొరకలేదు. ఒక్క తేడా ఉంది. అక్కడ తిరగబడేవి విడి అంకెలు. ఇక్కడ తిరగబడేది బైట్ల వరుస మాత్రమే. బైట్ లోపలి బిట్లు తిరగవు. 43 ఎప్పుడూ 43 గానే ఉంటుంది, 34 కాదు. కొత్తవాళ్లు చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు.

ఊనో_ప్రయోగశాల:
నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతాను. పైన ఇచ్చిన మూడు వరుసలను మా పిల్లలు ఆర్డుయినో ఊనో మీద ప్రయత్నిస్తే తప్పు వచ్చింది. `r[1]` లోనిది ఒక్కటే మిగులుతోంది, పై సగం మాయమవుతోంది. కాబట్టి ఈ కోడ్ అన్ని బోర్డులకూ పనిచేస్తుందన్న మాట నిలవదు.

పాత_ఫర్మ్‌వేర్:
పిల్లలు రాసిన వరుసను ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడతారా?

ఊనో_ప్రయోగశాల:
```
uint32_t u = (r[0] << 16) | r[1];
```

పాత_ఫర్మ్‌వేర్:
`(uint32_t)` వదిలేశారు. ఊనోలో `int` అంటే 16 బిట్లే. పదహారు బిట్ల పెట్టెను పదహారు స్థానాలు జరిపితే అందులో ఏం మిగులుతుందో సి భాష భరోసా ఇవ్వదు. ముందు పెట్టెను 32 బిట్లకు పెంచి, ఆ తర్వాత జరపాలి. ఈఎస్‌పీ32 లో `int` 32 బిట్లు కనుక ఆ మాట లేకపోయినా పనిచేసినట్టు కనిపిస్తుంది. గిడ్డంగి గారి కథలో జరిగిందీ ఇదే, ఒక యంత్రంలో నడిచిందని కోడ్ సరైనదనుకోవడం. పిల్లలకు రెండు బోర్డులూ ఇచ్చి చేయించండి.

ఊనో_ప్రయోగశాల:
సరిచేశాము, వచ్చింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది రేపటి ప్రాక్టికల్‌లో పెడుతున్నాను.

గిడ్డంగి_కరెంట్:
నేనూ మార్చాను. సిమ్యులేటర్‌లో 230.5 వచ్చింది, కొత్త మీటరు మీద మూడు ఫేజులూ సరిగా వస్తున్నాయి. రెండు రోజులుగా ఎక్కడా మెలిక లేదు. అయితే ఒక సందేహం. మీటరుతో వచ్చిన పుస్తకంలో డేటా బిగ్ ఎండియన్ అని ఒక్క మాట ఉంది, అంతే. రేపు మరో మీటరు పెడితే ఏ సగం ముందో ముందే ఎలా తెలుసుకోవాలి?

పాత_ఫర్మ్‌వేర్:
ఆ ఒక్క మాటను నమ్మవద్దు. అది రిజిస్టర్ లోపలి వరుస గురించా, రిజిస్టర్ల మధ్య వరుస గురించా తెలియదు. మంచి పుస్తకాల్లో పెద్ద బైట్‌ను A, చిన్నదాన్ని D అనుకుని `ABCD`, `CDAB` అని అక్షరాలతో చెబుతారు. మీ పాత మీటరు `CDAB`, కొత్తది `ABCD`.

ఏమీ చెప్పకపోతే ఫ్రీక్వెన్సీ రిజిస్టర్లు చదవండి. మన గ్రిడ్ 50 హెర్ట్జ్ చుట్టూనే ఉంటుంది కనుక జవాబు ముందే తెలిసిన ప్రశ్న అది. సరిగ్గా 50 అంటే 0x42480000, 49.95 అంటే 0x4247CCCD. 49.75 నుంచి 50.25 లోపు పై సగం 4247 గాని 4248 గాని అవుతుంది, ఇంకేదీ కాదు. రెండు రిజిస్టర్లనూ హెక్స్‌లో పదిసార్లు ముద్రించండి. ఒకటి 4247, 4248 మధ్య నిలకడగా ఉంటుంది, రెండోది చదివిన ప్రతిసారీ ఎటో పోతుంది. నిలకడగా ఉన్నదే పై సగం. 4742 అనో 4842 అనో కనిపిస్తే రిజిస్టర్ లోపలి బైట్లు కూడా తిరిగాయని అర్థం. అప్పుడు మీటరునే కాదు, లైబ్రరీని కూడా అనుమానించాలి.

వోల్టేజీతో కూడా చేయవచ్చు గాని, అది ఎక్కువ కదులుతుంది. ఫ్రీక్వెన్సీతో తేలినంత శుభ్రంగా తేలదు.

గిడ్డంగి_కరెంట్:
పదిసార్లు ముద్రించాను. `r[0]` లో 4247, 4248 తప్ప వేరేది రాలేదు. `r[1]` మాత్రం 999A, CCCD, 3333, ఇలా తిరుగుతోంది. చూసి నమ్మగలిగాను.

కానీ యూనిట్ల లెక్క మాత్రం కుదరలేదు. అది ఫ్లోటు కాదు, 32 బిట్ల పూర్ణాంకం. తెరమీద 1234 యూనిట్లు ఉంటే నాకు 8,08,71,424 వస్తోంది. `r[0]` లో 04D2, `r[1]` లో 0000.

పాత_ఫర్మ్‌వేర్:
04D2 అంటే 1234. దాన్ని పై సగం అనుకుని 65,536 తో హెచ్చించారు, అందుకే ఎనిమిది కోట్లు దాటింది. ఈ మీటరు ఫ్లోటులను పై సగం ముందు, పూర్ణాంకాలను కింది సగం ముందు పంపుతోందన్నమాట. ఒకే పెట్టెలో రెండు పద్ధతులు ఉండటం నాకు ముందు కూడా ఎదురైంది. యూనిట్లకు మాత్రం రిజిస్టర్లు మార్చి కలపండి.

నెట్‌వర్క్_నాని:
ఒకే ప్రోటోకాల్‌లో ఇంత గందరగోళమా? నాకిది మింగుడు పడటం లేదు. రిజిస్టర్ పెద్ద బైట్ ముందు అని నియమం పెట్టినవాళ్లు మిగతావీ చెప్పి ఉండాల్సింది.

పాత_ఫర్మ్‌వేర్:
ఒకే ఫ్రేమ్‌లోనే రెండు పద్ధతులు ఉన్నాయి, చూడండి. రెండు రిజిస్టర్లు అడిగే మనవి ఇది:

```
01 03 00 00 00 02 C4 0B
```

00 02 అంటే రెండు రిజిస్టర్లు, పెద్ద బైట్ ముందు. చివరి రెండు బైట్లు సరిచూసే సీఆర్‌సీ. దాని విలువ 0x0BC4, కానీ వైరు మీద C4 ముందు వెళ్లింది. అది ప్రమాణంలోనే అలా ఉంది. సొంతంగా ఫ్రేమ్ కట్టేవాళ్లు సీఆర్‌సీని కూడా పెద్ద బైట్ ముందు పంపితే మీటరు జవాబే ఇవ్వదు. వాళ్లు వైరు తెగిందేమోనని వెతుక్కుంటారు.

నెట్‌వర్క్_నాని:
అయితే గిడ్డంగి గారు బోర్డు నుంచి సర్వరుకు పంపే సొంత పొట్లాలలోనైనా పెద్ద బైట్ ముందు అన్న నెట్‌వర్క్ వరుసే పెట్టుకోవాలి. ఎప్పటి నుంచో ఉన్న సంప్రదాయం అది.

పాత_ఫర్మ్‌వేర్:
దీనిలో నేను మీతో ఏకీభవించను. ఆయన బోర్డు లిటిల్, సర్వరు కూడా దాదాపు ఖాయంగా లిటిలే. చిన్న బైట్ ముందు అని ఒక వరుసలో రాసి పెట్టుకుంటే చాలు. నియమం ఏదైనా సరే, అది రాసి ఉండాలి. స్ట్రక్టును గుండుగుత్తగా పంపకుండా బైట్ వెంట బైట్ నింపాలి.

నెట్‌వర్క్_నాని:
రేపు ఇంకొకరు వచ్చి ఆ పొట్లాన్ని హెక్స్‌లో చూసినప్పుడు పెద్ద బైట్ ముందు ఉంటేనే కంటికి తేలిగ్గా అందుతుంది. నేను నా మాట మీదే ఉన్నాను.

గిడ్డంగి_కరెంట్:
యూనిట్లూ సరిపోయాయి. చివరి ప్రశ్న. మీటరు మార్చిన రోజు నుంచి సరిచేసేదాకా అయిదు రోజుల వోల్టేజీ లెక్కలు చెత్తగా నమోదయ్యాయి. ఆ రోజుల్లో ఒక కంప్రెసర్ మోటారు కాలింది. వోల్టేజీ పడిపోయిందేమో చూడాలి. వాటిని తిరిగి రాబట్టవచ్చా?

పాత_ఫర్మ్‌వేర్:
ఎలా నమోదు చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది. నాలుగు బైట్లను అలాగే దాచి ఉంటే మొత్తం వస్తుంది. బైట్లు స్థానాలు మారాయి గాని, ఏదీ పోలేదు.

గిడ్డంగి_కరెంట్:
అక్షరాలుగా, `%.2f` తో రాశాను.

పాత_ఫర్మ్‌వేర్:
అయితే కొన్ని వస్తాయి, కొన్ని రావు. -0.00, 0.00 అని ఉన్న వరుసల్లో అసలు అంకెలు ముద్రించేటప్పుడే రాలిపోయాయి. `nan` వరుసలు కూడా అంతే. లక్షన్నరకు పైబడిన పెద్ద సంఖ్యలున్న వరుసల్లో మాత్రం ఫ్లోటులోని బిట్లన్నీ ఆ అంకెల్లో నిలిచి ఉంటాయి. రుణ గుర్తు ఉన్నా సరే, గుర్తుతో సహా తీసుకోండి. పైథాన్‌లో:

```
b = struct.pack('<f', x)
v = struct.unpack('<f', b[2:] + b[:2])[0]
```

రెండు సగాలనూ స్థానాలు మార్చి మళ్లీ చదవడమే ఇది. వచ్చిన `v` 200, 250 మధ్య పడితే నమ్మవచ్చు. వోల్టేజీ నిజంగా కిందికి పడి ఉంటే 180, 150 కూడా రావచ్చు, కాబట్టి పక్క వరుసలతో పోల్చి చూడండి. చిన్న సంఖ్యలను వదిలేయండి.

గిడ్డంగి_కరెంట్:
అయిదు రోజుల్లో అయిదింట రెండు వంతుల వరుసలు వచ్చాయి. మోటారు కాలిన రాత్రి రెండు గంటల పది నిమిషాలకు బి ఫేజు 171 కి పడింది. దాని పక్కన మూడు వరుసలు -0.00. ఎంతసేపు అలా ఉందో తేలలేదు. ఆర్, వై ఫేజులు అదే నిమిషంలో 230 దగ్గరే ఉన్నాయి. బి ఫేజు ఫ్యూజు దగ్గర బిగింపు రేపు పొద్దున చూస్తాను.